బొమ్మలో కోబాల్ట్, బ్రాకెట్ మీద ప్లస్

సమన్వయ సమ్మేళనాల మీద వచ్చే ప్రశ్నల్లో ఒక రకం ఉంది. ఫార్ములా ఇవ్వరు, పేరు చెప్పరు, ఒక బొమ్మ మాత్రం గీసి పెడతారు. మధ్యలో Co అన్న గుర్తు, దాని నుంచి ఆరు గీతలు. నిలువుగా పైకి వెళ్ళిన గీత చివర Cl. కుడివైపు ముందుకు పొడుచుకు వచ్చినట్టున్న మందపాటి గీత చివర ఇంకో Cl. మిగిలిన నాలుగు గీతల చివర N లు. కింద ఉన్న N నూ ఎడమవైపు ముందున్న N నూ కలుపుతూ ఒక వంపు గీత, వెనక ఉన్న రెండు N లను కలుపుతూ మరో వంపు గీత. మొత్తాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి, కుడివైపు పైమూలన చిన్న ప్లస్ గుర్తు వేస్తారు. ఇందులో లైగాండ్లు ఏవి, లోహపు ఆక్సీకరణ స్థితి ఎంత, జ్యామితి ఏది అన్నవి ప్రశ్నలు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం నుంచి ఎంట్రన్సుల దాకా ఇదే వరస. మూడింటికీ జవాబు బొమ్మలోనే ఉంటుంది. కాకపోతే వరస తప్పి చదివితే మూడూ తప్పుతాయి.

ముందు చూడాల్సింది బ్రాకెట్‌ని. బ్రాకెట్ లోపల ఉన్నవన్నీ లోహానికి అతుక్కుని ఉన్నవే. నీళ్ళలో కరిగినప్పుడు కూడా ఆ ముక్క ముక్కగానే తిరుగుతుంది. బయట ఇంకో Cl⁻ రాసి ఉంటే అది ఆవేశాన్ని సరిపెట్టడానికి వచ్చిన అయాను మాత్రమే, లైగాండు కాదు. ఈ తేడా కాగితం మీదే కాదు, గాజు గొట్టంలోనూ కనిపిస్తుంది. పై అయాను క్లోరైడు లవణం [CoCl₂(en)₂]Cl లో క్లోరిన్లు మూడు. దాని తాజా చల్లని ద్రావణంలో సిల్వర్ నైట్రేట్ పోస్తే వెంటనే తెల్లటి అవక్షేపంగా దిగేది అందులో ఒక్కటే. లోపలి రెండూ లోహాన్ని అంత తేలిగ్గా వదలవు. స్విట్జర్లాండులో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ 1893లో లోహానికి రెండు రకాల వేలన్సీలు ఉంటాయని ప్రతిపాదించడానికి పట్టు దొరికింది ఇలాంటి లెక్కల్లోనే. కోబాల్ట్ క్లోరైడుకు ఆరు అమోనియాలు కలిసిన పదార్థంలో మూడు క్లోరిన్లూ అవక్షేపంగా దిగుతాయి. అమోనియాలు ఐదైతే రెండు, నాలుగైతే ఒకటి. అమోనియా ఖాళీ చేసిన ప్రతి చోటులోకీ ఒక క్లోరిన్ లోపలికి వెళ్ళిపోతోందన్నమాట.

బ్రాకెట్ సంగతి తేలాక లోహాన్ని తాకే గీతలను లెక్కపెట్టాలి. ఆ లెక్కే సమన్వయ సంఖ్య. మన బొమ్మలో అది 6. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, గీతలు ఆరు కాబట్టి లైగాండ్లు కూడా ఆరని రాసేయడం. వంపు గీతను పట్టించుకోకపోతే అలాగే అవుతుంది. రెండు N లను కలిపే వంపు గీత అంటే ఆ రెండూ ఒకే అణువు రెండు చివరలని అర్థం. ఇక్కడ ఆ అణువు ఇథిలీన్ డైఎమీన్. ఫార్ములాల్లో en అని రాస్తారు. మధ్యలో రెండు కార్బన్లు, అటొక NH₂, ఇటొక NH₂. పట్టకారు రెండు కొసలతో బొగ్గును పట్టుకున్నట్టు రెండు నైట్రోజన్లతో లోహాన్ని పట్టుకుంటుంది కనుక ఇది ద్విదంత లైగాండ్. కాబట్టి మన అయానులో లైగాండ్లు నాలుగే, రెండు క్లోరైడ్లు, రెండు en లు. లోహంతో బంధాలు మాత్రం ఆరు. సమన్వయ సంఖ్య బంధాల లెక్క, లైగాండ్ల లెక్క కాదు.

కొందరు వంపు గీతకు బదులు en ను పూర్తిగా గీస్తారు. అప్పుడు Co, N, మూల, మూల, N కలిసి ఐదు మూలల వలయంలా కనిపిస్తుంది. అక్షరం లేని ఆ రెండు మూలలు కార్బన్లు. అవి లోహాన్ని తాకవు కాబట్టి ఏ లెక్కలోకీ రావు. మరికొన్ని బొమ్మల్లో లోహం చుట్టూ పరమాణువులను కలుపుతూ సన్నని గీతలతో ఒక చతురస్రం గీసి ఉంటుంది. అవి బంధాలు కావు, ఆకారం కంటికి ఆనడానికి వేసిన ఊతగీతలు. లోహం దగ్గర మొదలవని గీతను బంధాల లెక్కలో వేయకూడదు.

ఆక్సీకరణ స్థితికి వస్తే అసలు పని ఒక్కటే, ఒక్కో లైగాండు ఆవేశం తేల్చడం. అమోనియా సున్నా, నీరు సున్నా, క్లోరైడు −1, సయనైడు −1, ఆక్సలేటు −2 అని పట్టికలు బట్టీ పట్టడం మామూలే. కానీ బొమ్మ చేతిలో ఉన్నప్పుడు పట్టిక కన్నా నమ్మకమైన దారి ఉంది. లోహం నుంచి లైగాండును విడదీసి, ఆ బంధంలోని రెండు ఎలక్ట్రాన్లనూ లైగాండుకే ఇచ్చేయాలి. అప్పుడు లోహాన్ని తాకిన పరమాణువుకు లోహం కాక ఇంకెన్ని బంధాలు మిగిలాయో చూడాలి. నైట్రోజన్‌కు మూడు మిగిలితే అది తటస్థం. en లోని నైట్రోజన్‌కు ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు, మొత్తం మూడు, ఆవేశం సున్నా. ఆక్సిజన్‌కు రెండు బంధాలు మిగిలితే తటస్థం, నీటిలో ఉన్నట్టు. ఒక్కటే మిగిలితే −1. క్లోరిన్‌కు ఏ బంధమూ మిగలకపోతే అది క్లోరైడు, −1.

ఈ పద్ధతి పేరు తెలియని లైగాండుకూ పనికొస్తుంది. గ్లైసిన్ నుంచి వచ్చిన లైగాండు ఒక చివర NH₂ తోనూ మరో చివర ఆక్సిజన్‌తోనూ లోహాన్ని పట్టుకుంటుంది. నైట్రోజన్‌కు మూడు బంధాలున్నాయి కనుక సున్నా, ఆక్సిజన్‌కు కార్బన్‌తో ఒక్కటే ఉంది కనుక −1, మొత్తం −1. పెద్ద బొమ్మ చూసి చాలామంది జంకే EDTA కూడా ఇంతే. రెండు నైట్రోజన్లు, ఒక్కోదానికి మూడేసి కార్బన్లు, కాబట్టి సున్నా. నాలుగు ఆక్సిజన్లు, ఒక్కోటి కార్బన్‌తో ఒక్క బంధంతో ఉంది, కాబట్టి నాలుగు −1 లు. ఆరు చోట్ల పట్టుకున్న ఒకే లైగాండు ఆవేశం −4. ఆ బ్రాకెట్ మీద ఒక మైనస్ ఉండి మధ్యలో కోబాల్ట్ ఉంటే, x − 4 = −1, అంటే కోబాల్ట్ +3.

మన బొమ్మలో లెక్క ఇంకా చిన్నది. రెండు en లకు సున్నా, రెండు క్లోరైడ్లకు −2, బ్రాకెట్ మీద +1. కోబాల్ట్ స్థితి x అనుకుంటే x + 0 − 2 = +1, x = +3. ఇక్కడ తప్పు పోయేవాళ్ళు రెండు చోట్ల పోతారు. బ్రాకెట్ మీది +1 నే కోబాల్ట్‌కు అంటగట్టేవాళ్ళు కొందరు. అది మొత్తం అయాను ఆవేశం, లోహానిది కాదు. బయట ఉన్న Cl⁻ ను కూడా కలిపి, బ్రాకెట్ మీది ప్లస్‌నూ లెక్కలో ఉంచేసేవాళ్ళు ఇంకొందరు. బయటి అయాను తీసుకుంటే మొత్తం సున్నాకు సరిపెట్టాలి, తీసుకోకపోతే బ్రాకెట్ ఆవేశానికి సరిపెట్టాలి. రెండూ ఒకే లెక్కలో పెడితే జవాబు ఒకటి తేడా వస్తుంది. కోబాల్ట్‌కు +4 వచ్చిందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే, ఎందుకంటే ఇలాంటి సంక్లిష్ట అయాన్లలో కోబాల్ట్ సాధారణంగా +2 లేదా +3.

+3 అని తేలగానే ఎలక్ట్రాన్ల సంగతీ తేలిపోతుంది. కోబాల్ట్ ఆవర్తన పట్టికలో 9వ గ్రూపులో ఉంది. తొమ్మిదిలోంచి మూడు తీసేస్తే ఆరు, కాబట్టి d⁶. నాలుగు నైట్రోజన్ల మధ్య ఉన్న ఈ Co³⁺ లో ఆ ఆరు ఎలక్ట్రాన్లూ జతలు కట్టేస్తాయి, అందుకే ఈ అయాను డయా అయస్కాంతం. d ఎలక్ట్రాన్ల లెక్కను ఆక్సీకరణ స్థితి తేలాకే చేయాలన్నది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కొన్నిచోట్ల జ్యామితిని నిర్ణయించేది ఆ లెక్కే.

ఇక జ్యామితి. లోహం చుట్టూ ఆరు బంధాలున్నాయంటే దాదాపు ఎప్పుడూ అష్టముఖి, అంటే ఆక్టాహెడ్రల్. ఇది ఊరికే ఒప్పుకున్న మాట కాదు. ఆరు చోట్లను లోహం చుట్టూ సౌష్ఠవంగా అమర్చడానికి మూడు దారులున్నాయి: చదునైన షడ్భుజి, త్రిభుజాకార పట్టకం, అష్టముఖి. ఒక రకం లైగాండ్లు నాలుగు, ఇంకో రకం రెండు ఉన్నప్పుడు, మొదటి రెండు ఆకారాల్లోనూ మూడేసి ఐసోమర్లు రావాలి, అష్టముఖిలో రెండే రావాలి. [CoCl₂(NH₃)₄]⁺ కు ఆకుపచ్చ రూపం ఒక్కటే చాలాకాలం తెలుసు. రెండోదైన ఊదారంగు రూపాన్ని వెర్నర్ 1907లో తయారుచేసి చూపాడు. మూడోది ఎవరికీ దొరకలేదు. వెర్నర్‌కు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. అణువు ఆకారాన్ని ఎక్స్‌-కిరణాలతో చూసే వీలు లేని రోజుల్లో, ఐసోమర్లను లెక్కపెట్టి ఆకారం చెప్పడమన్నది రసాయనశాస్త్రంలో అరుదైన తర్కం.

అష్టముఖి అని తెలిశాక ఆ రెండు క్లోరిన్లు పక్కపక్కన ఉన్నాయా, ఎదురెదురుగా ఉన్నాయా అన్నది చూడాలి. పక్కపక్కన ఉంటే సిస్, ఎదురెదురుగా ఉంటే ట్రాన్స్. బొమ్మ చదునైన కాగితం మీద ఉంటుంది కాబట్టి కంటిని నమ్మకూడదు. మామూలు గీత కాగితం తలంలోనే ఉన్నదని, మందపాటి మేకు గీత మనవైపు వస్తున్నదని, గళ్ళగీత వెనక్కి పోతున్నదని ఒప్పందం. ఆరు చోట్లను పైన, కింద, ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి అని పిలుద్దాం. లోహం గుండా పోయే నిలువు గీత పైనకీ కిందకీ మధ్య. రెండో సరళరేఖ ముందు ఎడమ నుంచి వెనక కుడికి. మూడోది ముందు కుడి నుంచి వెనక ఎడమకి. రెండు లైగాండ్లు ఒకే సరళరేఖ రెండు చివర్లా ఉంటే ట్రాన్స్, లేకపోతే సిస్. మూడో దారి లేదు.

మన బొమ్మలో ఒక Cl పైన ఉంది, మరోటి ముందు కుడివైపు. రెండూ వేర్వేరు సరళరేఖల మీద ఉన్నాయి. కాబట్టి ఇది సిస్. అదే క్లోరిన్లు ముందు ఎడమా వెనక కుడీ ఉంటే, బొమ్మలో ఒకే చతురస్రంలో ఉన్నట్టు కనబడినా, అది ట్రాన్సే. ట్రాన్స్ అంటే ఒకటి పైన, ఒకటి కింద అని మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఇక్కడ చిక్కుకుంటారు. అణువును తిప్పి గీసినంత మాత్రాన ఐసోమర్ మారదు. నిజంగా మారితే రంగే మారుతుంది. ఈ అయాను ట్రాన్స్ రూపం ఆకుపచ్చ, సిస్ రూపం ఊదా. ఆకుపచ్చ లవణాన్ని నీళ్ళలో కరిగించి వేడి మీద ఆవిరి చేస్తే ఊదాగా మారడం ప్రయోగశాలల్లో చూపించే మార్పే.

en రెండు చివరలూ ఎక్కడ కూర్చోగలవన్నది కూడా బొమ్మ నుంచే చెప్పొచ్చు. మధ్యలో ఉన్నవి రెండు కార్బన్లే కాబట్టి అది పక్కపక్క చోట్లనే అందుకోగలదు, లోహం చుట్టూ తిరిగి ఎదుటి చోటును పట్టలేదు. మన బొమ్మలో N లు ఉన్న చోట్లు నాలుగు: కింద, ముందు ఎడమ, వెనక ఎడమ, వెనక కుడి. వీటిని రెండు జతలుగా విడగొట్టడానికి కాగితం మీద మూడు దారులున్నాయి. కిందదాన్ని వెనక ఎడమతో జత చేస్తే, మిగిలేవి ముందు ఎడమ, వెనక కుడి. ఆ రెండూ ఎదురెదురు చోట్లు, కాబట్టి ఆ దారి చెల్లదు. అలా గీసిన బొమ్మ కనిపిస్తే బొమ్మే తప్పు. చెల్లేవి రెండు. ఒకటి, బొమ్మలో ఉన్నట్టు, కిందది ముందు ఎడమతోనూ, వెనక రెండూ ఒకదానితో ఒకటీ. రెండోది, కిందది వెనక కుడితోనూ, ఎడమవైపు రెండూ ఒకదానితో ఒకటీ.

ఈ రెండూ ఒకే పదార్థమా? క్లోరిన్లు కదలలేదు, నైట్రోజన్లు కదలలేదు, వంపు గీతలు మాత్రమే చోటు మారాయి. అందుకే ఒకటేనని తొందరపడతారు. రెండు క్లోరిన్ల గుండా, లోహం గుండా పోయే నిలువు తలాన్ని అద్దంగా ఊహించుకోవాలి. ఆ అద్దంలో ముందు ఎడమ చోటు వెనక కుడి చోటుగా కనిపిస్తుంది. కింద, వెనక ఎడమ చోట్లు అద్దంలోనే ఉన్నాయి కాబట్టి కదలవు. మొదటి అమరికకు ఆ అద్దంలో కనబడే ప్రతిబింబం సరిగ్గా రెండో అమరికే. ఎన్ని విధాల తిప్పినా ఒకదాని మీద ఒకటి సరిపోవు. అంటే సిస్ రూపం కైరల్. ధ్రువిత కాంతి తలాన్ని ఒకటి కుడికి తిప్పితే రెండోది ఎడమకి తిప్పుతుంది. ట్రాన్స్ రూపంలో ఈ చిక్కు లేదు. క్లోరిన్లు పైనా కిందా, రెండు en లు చతురస్రంలో ఎదురుబొదురు అంచుల మీద ఉంటాయి కాబట్టి అణువును రెండు సమభాగాలుగా కోసే అద్దపు తలం సులువుగా దొరుకుతుంది. అందుకే ధ్రువణ సాదృశ్యం చూపేది ఏది అని అడిగితే జవాబు సిస్ మాత్రమే. కోబాల్ట్ చుట్టూ రెండు en లు, ఒక క్లోరిన్, ఒక అమోనియా ఉన్న ఇలాంటి అయానునే 1911లో వెర్నర్, ఆయన శిష్యుడు విక్టర్ కింగ్ కుడి, ఎడమ రూపాలుగా విడదీశారు. అష్టముఖి వాదానికి అంతకన్నా గట్టి సాక్ష్యం ఆనాటికి లేదు.

ఇంతదాకా జ్యామితిని బంధాల సంఖ్యే చెప్పేసింది. బంధాలు నాలుగైనప్పుడు అలా కుదరదు. నాలుగు బంధాలకు రెండు ఆకారాలు సాధ్యం: చతుర్ముఖి, సమతల చతురస్రం. బాగా గీసిన బొమ్మ తేడా చూపిస్తుంది. రెండు మామూలు గీతలు, ఒక మేకు గీత, ఒక గళ్ళగీత ఉంటే చతుర్ముఖి. రెండు మేకు గీతలు ముందుకీ రెండు గళ్ళగీతలు వెనక్కీ పోతుంటే చతురస్రం. కానీ పరీక్ష కాగితాల్లో నాలుగు మామూలు గీతలను కూడిక గుర్తులా గీసి వదిలేసే అలవాటు ఉంది. అటువంటి బొమ్మ చూసి సమతల చతురస్రమని రాయకూడదు. అక్కడ ఆకారం చెప్పేది గీతలు కాదు, d ఎలక్ట్రాన్లు.

నికెల్ దీనికి చక్కని సాక్షి. ఒక బొమ్మలో నికెల్ చుట్టూ నాలుగు CN, మరో బొమ్మలో నాలుగు Cl, రెండు బ్రాకెట్ల మీదా 2−. రెండూ కూడిక గుర్తులానే గీశారనుకుందాం. రెండింటిలోనూ లైగాండ్ల మొత్తం ఆవేశం −4, అయాను ఆవేశం −2, కాబట్టి నికెల్ +2. పదో గ్రూపు మూలకం కనుక d⁸. ఇంతవరకు రెండూ ఒకటే. సయనైడు బలమైన లైగాండు. ఎనిమిది ఎలక్ట్రాన్లనూ నాలుగు జతలుగా నెట్టి ఒక d ఆర్బిటాల్‌ను ఖాళీ చేయిస్తుంది. ఆ ఖాళీతో dsp² సంకరీకరణం కుదిరి, [Ni(CN)₄]²⁻ సమతల చతురస్రం అవుతుంది. ఒంటరి ఎలక్ట్రాన్లు లేవు కాబట్టి డయా అయస్కాంతం. క్లోరైడు బలహీనమైన లైగాండు, జత కట్టించలేదు. రెండు ఎలక్ట్రాన్లు విడిగానే మిగులుతాయి. అందుకే [NiCl₄]²⁻ చతుర్ముఖి, పారా అయస్కాంతం. కాగితం మీద కవలల్లా ఉన్న రెండు బొమ్మల్లో ఏది ఏదో అయస్కాంతం దగ్గర పెట్టి తేల్చవచ్చు.

ఇలా లైగాండు బలం చూడాల్సిన అవసరం నికెల్‌కే ఎక్కువ. అదే నిలువు వరసలో కిందున్న పల్లాడియం, ప్లాటినం +2 స్థితిలో నాలుగు బంధాలతో ఉంటే, లైగాండు క్లోరైడైనా సరే, సమతల చతురస్రంగానే ఉంటాయి. [Ni(CO)₄] లో కార్బన్ మోనాక్సైడు తటస్థం, బ్రాకెట్ మీద ఆవేశం లేదు, కాబట్టి నికెల్ స్థితి సున్నా. d ఎలక్ట్రాన్లు పది, ఖాళీ d ఆర్బిటాల్ లేదు. CO ఎంత బలమైన లైగాండైనా ఆకారం చతుర్ముఖే. బలమైన లైగాండు అనగానే చతురస్రం అని రాసేవాళ్ళు ఇక్కడ మార్కు పోగొట్టుకుంటారు. ముందు ఆక్సీకరణ స్థితి తేల్చుకుంటే ఆ ప్రమాదం ఉండదు. ఐదు బంధాలున్నవి తక్కువ. [Fe(CO)₅] లాంటివాటికి త్రికోణ ద్విపిరమిడ్ అని గుర్తుంటే పాఠ్యపుస్తకాల మేరకు సరిపోతుంది.

సిస్, ట్రాన్స్ అన్న ప్రశ్న చతురస్రంలో ఉంటుంది, చతుర్ముఖిలో ఉండదు. చతుర్ముఖిలో ప్రతి మూలా మిగిలిన మూడింటికీ పక్కదే. ప్లాటినం, రెండు క్లోరిన్లు, రెండు అమోనియాలు ఉన్న [PtCl₂(NH₃)₂] కు రెండు వేర్వేరు రూపాలు దొరకడంతోనే అది సమతల చతురస్రమని వెర్నర్ వాదించగలిగాడు. బ్రాకెట్ మీద ఆవేశం లేని ఈ బొమ్మలో x − 2 = 0, ప్లాటినం +2. క్లోరిన్లు రెండూ ఒకే అంచు మీద ఉన్న సిస్ రూపమే సిస్‌ప్లాటిన్. ప్లాటినం ఎలక్ట్రోడుల నుంచి వచ్చిన సమ్మేళనాలు బాక్టీరియా కణ విభజనను ఆపుతున్నాయని అమెరికాలో బార్నెట్ రోసెన్‌బర్గ్ బృందం 1965లో ప్రకటించింది. అక్కడ నుంచి మొదలైన దారిలో 1978లో ఇది కాన్సర్ మందుగా అనుమతి పొందింది. ట్రాన్స్ రూపం ఆ మందుగా పనికిరాదు. డిఎన్ఏలోని పక్కపక్క చోట్లను పట్టుకోవాలంటే ఖాళీ అయ్యే రెండు చోట్లూ పక్కపక్కనే ఉండాలి.

ఈ పద్ధతి మొత్తంలో బలహీనమైన ముడి ఒకటుంది. లైగాండు ఆవేశం మనకు ముందే తెలుసని అనుకుంటున్నాం. క్లోరైడు, అమోనియా, en విషయంలో అది నిజమే. NO విషయంలో కాదు. లోహం దగ్గర అది NO⁺ గా, తటస్థ NO గా, NO⁻ గా కూడా ఉండగలదు. బొమ్మలో లోహం, N, O ఒకే సరళరేఖలో ఉంటే సాధారణంగా NO⁺ అనీ, N దగ్గర వంగి ఉంటే NO⁻ అనీ లెక్క వేస్తారు. సోడియం నైట్రోప్రుసైడులోని [Fe(CN)₅NO]²⁻ కు ఇది చక్కగా పనిచేస్తుంది. ఐదు సయనైడ్లకు −5, తిన్నగా ఉన్న NO కు +1, మొత్తం −2; x − 4 = −2, ఇనుము +2. అందులోని ఆరు d ఎలక్ట్రాన్లూ జతకట్టి ఉన్నాయని, ఆ అయాను డయా అయస్కాంతం కావడం నిర్ధారిస్తుంది.

ఇంటర్ ప్రయోగశాలలో నైట్రేటు కోసం చేసే గోధుమ వలయ పరీక్ష దగ్గర మాత్రం లెక్క అంత తిన్నగా సాగదు. ఫెర్రస్ సల్ఫేటు కలిపిన లవణ ద్రావణంలోకి, పరీక్ష నాళిక గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని జార్చితే రెండు పొరల మధ్య కనిపించే గోధుమ వలయంలో ఉన్నది [Fe(H₂O)₅NO]²⁺. పాఠ్యపుస్తకం ఇందులో NO ను NO⁺ గా తీసుకుంటుంది. నీళ్ళు సున్నా కాబట్టి x + 1 = +2, ఇనుము +1. దీనికి ఆధారంగా చూపేది అయస్కాంత భ్రామకం. దాని విలువను బట్టి మూడు ఒంటరి ఎలక్ట్రాన్లున్నాయి. +1 స్థితి ఇనుముకు d⁷, అందులో మూడు ఒంటరివి ఉండొచ్చు, కాబట్టి సరిపోయింది. కానీ అదే మూడు ఇంకోలా కూడా వస్తుంది. ఇనుము +3 అయితే d⁵, ఐదు ఒంటరి ఎలక్ట్రాన్లు. NO⁻ లో రెండు ఒంటరివి. అవి ఎదురు దిశలో తిరుగుతూ ఐదులో రెండింటి ప్రభావాన్ని కొట్టేస్తే మిగిలేది మూడే. తర్వాత జరిగిన స్పెక్ట్రోస్కోపీ పరిశోధనలు మొగ్గింది ఈ రెండో చిత్రం వైపే. బొమ్మ ఒకటే, బ్రాకెట్ మీది ఆవేశం ఒకటే, అయస్కాంత కొలత ఒకటే; లైగాండుకు ఎంత ఆవేశం ఇచ్చామన్న దాన్ని బట్టి ఇనుము +1 నుంచి +3 దాకా జరుగుతుంది. ఎంట్రన్సు పరీక్షల్లో ఈ ప్రశ్నకు సరైన జవాబుగా ఎంచేది ఇప్పటికీ +1నే.